‘ఎడమ’ అని ఎప్పుడు చెప్పాలి?

*అన్నా, మాది చిత్తూరు. ఆర్నెల్ల కిందట కారు కొన్నాం. మా ఆయన నడుపుతారు, నేను పక్కన కూర్చుని ఫోన్‌లో మ్యాప్ చూసి దారి చెప్తాను. ముందుగా చెప్తే ‘ఇప్పుడే ఎందుకు, ఇంకా దూరం ఉంది కదా’ అంటారు. దగ్గరకొచ్చాక చెప్తే ‘ముందే చెప్పొచ్చు కదా’ అని అరుస్తారు. పోయిన నెల తిరుపతిలో బస్టాండు దగ్గరున్న మా ఆడపడుచు ఇంటికి పోతూ, నేను ‘నేరుగా’ అన్నానని ఫ్లైఓవర్ ఎక్కేశారు. చాలా దూరం పోయి దిగి వెనక్కి వచ్చాం. దారంతా మాటల్లేవు. అసలు ఎంత ముందు చెప్పాలి? ఎలా చెప్పాలి?*

*– ఒక సోదరి, చిత్తూరు*

చెల్లెమ్మా, దూరాన్ని మీటర్లలో కొలవడం మానేసి సెకండ్లలో కొలవండి. మీ గొడవలో సగం అక్కడే తీరిపోతుంది.

మ్యాప్‌లో ‘200 మీటర్లు’ అని కనిపించగానే మీరు ఎడమ అంటారు. ఊళ్ళో ట్రాఫిక్‌లో బండి గంటకు 20 కిలోమీటర్ల మీద పోతుంటే ఆ 200 మీటర్లకు 36 సెకండ్లు పడుతుంది. అంతసేపట్లో రెండు సందులు దాటతారు. మీ ఆయన మొదటి సందులోనే తిప్పేయొచ్చు, లేదా చెప్పింది మరిచిపోవచ్చు. అదే 200 మీటర్లు హైవే మీద 80 వేగంలో తొమ్మిది సెకండ్లే. మీరు వాక్యం పూర్తి చేసేసరికే మూడు నాలుగు సెకండ్లు పోతాయి, ఇక మిగిలేది ఐదారు. ఒకే దూరం ఒకచోట మరీ ముందు, ఇంకోచోట మరీ ఆలస్యం. మీ ఆయన రెండు మాటలూ అనడానికి కారణం ఇదే.

మీ మాట విన్నాక ఆయన ఏమేం చేయాలో ఒకసారి చూడండి. మాట చెవిన పడాలి, అర్థం కావాలి. అద్దంలో వెనక చూడాలి. ఇండికేటర్ వేయాలి. పక్క లేన్‌లో బండి ఉంటే దాన్ని పోనిచ్చి సందు చూసుకోవాలి. పక్కకు జరగాలి, వేగం తగ్గించాలి, గేరు మార్చాలి, అప్పుడు తిప్పాలి. ఇవన్నీ కంగారు లేకుండా జరగాలంటే నా లెక్కలో పదిహేను సెకండ్లు కావాలి. ఊళ్ళో 40 మీద పోతుంటే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది, కాబట్టి పదిహేను సెకండ్లంటే సుమారు 170 మీటర్లు. హైవే మీద 80 వేగంలో సెకనుకు 22 మీటర్లు, అంటే సుమారు 330 మీటర్లు. మీకు గుర్తుండాల్సింది పదిహేను అనే అంకె ఒక్కటే. స్పీడోమీటర్ మీదికి ఒక చూపు వేసి, మలుపుకు ఎన్ని సెకండ్లుందో అంచనా కడితే చాలు. నాలుగు ప్రయాణాల్లో అది అలవాటవుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చిన్నప్పుడు నేను తిరుపతిలో ఒక టెంపో మీద క్లీనర్‌గా చేరాను. ఎడమ పక్క తలుపు దగ్గర కూర్చుని సైడు చూడటం, దారి చెప్పడం నా పని. చేరిన కొత్తలో ఒక సాయంత్రం రేణిగుంట రోడ్డులో తిప్పాల్సిన సందు పక్కకు వచ్చేశాక గుర్తుకొచ్చి ‘ఎడమ, ఎడమ!’ అని అరిచాను. నా కేకకు డ్రైవరన్న చెయ్యి దానంతటదే స్టీరింగ్ తిప్పేసింది. ఆ ఎడమ పక్కన ఒక స్కూటర్ వస్తోంది, దాని మీద భార్యాభర్తలు, మధ్యలో పాప. స్కూటరాయన మట్టిలోకి దిగి పడబోయి ఆపుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పాప ఏడుపు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. డ్రైవరన్న బండి పక్కకు ఆపి, “సందు పోతే ఇంకో సందు వస్తుంది, ఇంకెప్పుడూ అట్లా అరవొద్దు” అన్నాడు. ఆలస్యంగా చెప్పిన మాట కంటే చెప్పని మాటే మేలని ఆ రోజు తెలిసింది. సమయం దాటిపోతే నోరు మూసుకుని మలుపును పోనివ్వండి, తర్వాత దారి వెతకండి.

ఇక చెప్పే పద్ధతి. ఒక మలుపుకు ఒక మాట చాలదు, మూడు కావాలి. మూడూ ఒకే మాట కాకూడదు. మొదటిది ఏం రాబోతోందో తెలిపే కబురు: “ఇంకో నిమిషంలో ఎడమ తిరగాలి.” ఇది విని ఆయన ఏమీ చేయనక్కర్లేదు, మనసులో పెట్టుకుంటే చాలు. అది కబురేనని ఆయనకు తెలియకపోవడం వల్లే ‘ఇప్పుడే ఎందుకు’ అంటున్నారు. రెండోది లేన్ గురించి: “ఎడమ లేన్‌లోకి వచ్చేయండి.” మూడోది మలుపు గురించి, పదిహేను సెకండ్ల ముందు, గుర్తుతో సహా: “ఎడమ, ఆ పెట్రోల్ బంకు దాటగానే.” ఆ తర్వాత మాట్లాడకండి. మలుపు తిరుగుతున్నప్పుడు ఆయన కళ్ళు, చెవులు రోడ్డుకు కావాలి. ఆడపడుచు ఫోన్ చేసినా ఆ పది సెకండ్లు ఎత్తకండి.

రెండు మలుపులు దగ్గరదగ్గరగా ఉంటే రెండూ కలిపే చెప్పాలి: “ఎడమ, వెంటనే కుడి.” మొదటిది తిరిగాక రెండోది చెప్దామనుకుంటే టైము సరిపోదు. పైగా ఎడమ తిరిగి వెంటనే కుడి పోవాలంటే, ఎడమ తిరిగిన తర్వాత ఏ పక్కన ఉండాలో ఆయనకు ముందే తెలిసి ఉండాలి.

మన తెలుగులో ఒక చిక్కు ఉంది. మనం సహజంగా “ఆ పెట్రోల్ బంకు దాటాక, అక్కడ బేకరీ పక్కన ఉన్న సందులో ఎడమకి తిప్పండి” అంటాం. అసలు మాట చివరికి గానీ రాదు. అప్పటిదాకా డ్రైవర్ ఏ అద్దం చూడాలో తెలియక ఎదురుచూస్తాడు. కాబట్టి పక్కను ముందు పెట్టండి: “ఎడమ. బంకు దాటాక.” వినడానికి కొంచెం మొరటుగా ఉంటుంది, ఇంట్లో అయితే అట్లా మాట్లాడం. బండిలో మాత్రం ఇదే మర్యాద, ఎందుకంటే మొదటి మాటకే ఆయన చెయ్యి ఇండికేటర్ దగ్గరికి పోతుంది.

‘ఇటు’, ‘అటు’, ‘ఇక్కడే’, ‘ఆ సందులో’ అనే మాటలు బండిలో వాడకండి. మీరు వేలు చూపిస్తారు, కానీ ఆయన రోడ్డు వైపు చూస్తుంటారు, మీ వేలు చూడాలంటే తల తిప్పాలి. ఇంకో మాట ‘రైట్’. బస్సు కండక్టరు ‘రైట్ రైట్’ అంటే పోనిమ్మని అర్థం. మనం కూడా సరే అనడానికి ‘రైట్’ అంటాం. ఆయన “లెఫ్టేనా?” అని అడిగితే మీరు “రైట్” అన్నారనుకోండి, ఎటు తిప్పాలి? దిక్కుకు కుడి, ఎడమ అనే మాటలే వాడండి. ఒప్పుకోవడానికి ‘అవును’ అనండి.

గుర్తు చెప్పేటప్పుడు మీకు తెలిసినది కాదు, ఆయన కంటికి కనిపించేది చెప్పాలి. మీ ఆడపడుచు ‘మందుల షాపు పక్కన’ అని చెప్పి ఉండొచ్చు. కానీ ఆ షాపు బోర్డు రోడ్డు వైపు తిరిగి ఉంటే, దాటేటప్పుడు గానీ కనిపించదు. దూరం నుంచే కనిపించేవి సిగ్నళ్ళు, పెట్రోల్ బంకులు, ఆర్చీలు, ఫ్లైఓవర్ స్తంభాలు. “రెండో సిగ్నల్ దగ్గర కుడి” అంటే, మొదటి సిగ్నల్ దాటగానే “ఒకటి అయింది, వచ్చేదే” అని కూడా చెప్పండి. ఏది లెక్కపెట్టాలో ఒక్కోసారి ఇద్దరికీ తేడా వస్తుంది.

మీరు పొరపాటున ఎక్కిన ఫ్లైఓవర్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు మీ సమయంలో కాదు, మాటలో ఉంది. ఫ్లైఓవర్ మొదట్లో ‘నేరుగా’ అనే మాటకు అర్థం లేదు. పైకి పోయే దారీ నేరుగానే ఉంటుంది, కింది దారీ నేరుగానే ఉంటుంది. అక్కడ చెప్పాల్సింది ‘పైకి’ లేదా ‘కింద’. మన ఊళ్ళలో ఫ్లైఓవర్ ఎక్కే వాలు సాధారణంగా రోడ్డు మధ్యలో మొదలవుతుంది, కింది రోడ్డు దాని ఎడమ పక్కనుంచి పోతుంది. కాబట్టి బస్టాండుకు పోవాలంటే “కింద నుంచే. ఎడమ పక్కన ఉండండి” అని, వాలు కనిపించిన వెంటనే చెప్పాలి. తిరుపతిలో శ్రీనివాస సేతు పొడవైనది. ఒకసారి ఎక్కితే మనకు కావలసిన చోట దిగలేం. కపిలతీర్థం, అలిపిరి వైపు పోయేవాళ్ళకు అది మేలు, ఊళ్ళో మధ్యలో పని ఉన్నవాళ్ళకు కాదు. ఇంకో సంగతి, ఫ్లైఓవర్ దగ్గర ఫోన్‌ను నమ్మకండి. మీరు పైన ఉన్నారో కింద ఉన్నారో అది సరిగ్గా గుర్తించలేకపోతుంది. కింద ఉంటే పైన ఉన్నట్టు, పైన ఉంటే కింద ఉన్నట్టు దారి చెప్పడం మామూలే. అక్కడ కళ్ళతో చూసి చెప్పాల్సింది మీరే.

ఇక హైవే. చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. మీరు చంద్రగిరి దాటి వస్తున్నారు, వేగం 80. మీరు పోవాల్సిన కల్యాణ మండపం హైవేకి కుడి పక్క ఊళ్ళో ఉంది, ఆ ఊరికి దారి హైవే కింద అండర్‌పాస్ గుండా. మ్యాప్‌లో చూస్తే మండపం కుడివైపు కనిపిస్తుంది. మీరు “కుడికి పోవాలి” అంటే మీ ఆయన కుడి లేన్‌లోకి, డివైడర్ పక్కకు పోతారు. అక్కడ తిరగడానికి చోటే ఉండదు. నిజానికి ముందు ఎడమకు పోవాలి. ఎడమ పక్క సర్వీస్ రోడ్డులోకి దిగి, అండర్‌పాస్ దగ్గరికి వచ్చి, అప్పుడు కుడి తిరగాలి. అంటే కుడికి పోవడానికి మొదటి మాట ‘ఎడమ’.

సర్వీస్ రోడ్డులోకి దిగే చోటు అండర్‌పాస్ దగ్గర ఉండదు, దానికి కొన్ని వందల మీటర్ల ముందే ఉంటుంది. బ్రిడ్జి కనిపించాక చెప్దామని కూర్చుంటే దిగే చోటు దాటిపోతుంది. అందుకే బయల్దేరే ముందే మ్యాప్‌ను పెద్దది చేసి, దారి గీత హైవే నుంచి ఎక్కడ విడిపోతుందో చూసుకోండి. ఆ విడిపోయే చోటే మీకు మలుపు. అండర్‌పాస్ ఆ తర్వాత వచ్చే ఇంకో మలుపు.

ఇప్పుడు మాటలు ఎలా వస్తాయో చూడండి. విడిపోయే చోటుకు రెండు కిలోమీటర్లు ఉందనగా, అంటే ఒకటిన్నర నిమిషం ముందు: “ఎడమ సర్వీస్ రోడ్డులోకి దిగాలి. తర్వాత బ్రిడ్జి కింద కుడి.” మీ ఆయన బహుశా కుడి లేన్‌లో లారీలను దాటుతూ ఉంటారు. ఇది విన్నాక ఇంకో లారీని దాటడం మొదలుపెట్టరు. ఈ మాట వల్ల అసలు ఉపయోగం అదే. కిలోమీటరు ఉందనగా, అంటే 45 సెకండ్ల ముందు: “ఎడమ లేన్‌లోకి వచ్చేయండి.” 400 మీటర్లు ఉందనగా, అంటే 18 సెకండ్ల ముందు: “ఎడమ, సర్వీస్ రోడ్డులోకి దిగండి.” ఆయన ఇండికేటర్ వేసి, వేగం తగ్గించి దిగుతారు. మామూలు కంటే ఇక్కడ రెండు మూడు సెకండ్లు ఎక్కువ ఇవ్వండి. 80 నుంచి 30కి తగ్గాలంటే వెనక వచ్చే లారీకి కూడా తెలియాలి కదా. సర్వీస్ రోడ్డులోకి దిగాక వేగం 30, అంటే సెకనుకు 8 మీటర్లు. ఇప్పుడు టైము ఎక్కువ, దూరం తక్కువ. దిగగానే “వచ్చే బ్రిడ్జి కింద కుడి” అని ఒకసారి, బ్రిడ్జికి 100 మీటర్లు ఉందనగా “కుడి, ఇదే బ్రిడ్జి” అని ఇంకోసారి. సర్వీస్ రోడ్డు చాలాచోట్ల రెండు వైపులా నడుస్తుంది, ఎదురుగా బండ్లు, ట్రాక్టర్లు వస్తాయి. అక్కడ మీరు ఎడమ పక్క నడిచేవాళ్ళను చూస్తూ ఉంటే ఆయన ఎదురుగా వచ్చే బండ్లను చూసుకుంటారు.

ఆ ఎడమ పక్క గురించి ఒక మాట. స్టీరింగ్ కుడి పక్క ఉంటుంది కాబట్టి ఎడమ వెనక మూల మీ ఆయనకు సరిగ్గా కనిపించదు. మన ఊళ్ళో బైకులు, ఆటోలు ఎడమ నుంచే దూరతాయి. మీరు చూసి “ఎడమ బైకు ఉంది” అని చెప్తే చాలా సాయం. కానీ “ఖాళీ, పోండి” అని మాత్రం అనకండి. మీ సీటు నుంచి కనిపించింది చెప్పండి, పోవాలా ఆగాలా అన్నది ఆయన అద్దం చూసుకుని తేల్చుకోవాలి. ‘ఆగండి!’ అని అరవడం నిజంగా ఎవరైనా అడ్డం వచ్చినప్పటికి దాచి పెట్టండి. మలుపు తప్పినందుకు అదే మాట వాడితే హైవే మీద ఆయన గట్టిగా బ్రేక్ వేస్తారు, వెనక లారీ ఉంటుంది.

మలుపు తప్పితే “అయ్యో” అనకండి. “పోనీండి, ముందు తిప్పుకుందాం” అనండి. అది అన్నాక తల వంచి మ్యాప్ చూసి కొత్త దారి చెప్పండి. హైవే మీద వెనక్కి రావడం, ఎదురు దిక్కులో సర్వీస్ రోడ్డు పట్టుకుని రావడం ఎంత దగ్గరైనా ఒప్పుకోకండి.

ఫోన్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మొదటిది, మ్యాప్ ఎటు తిరిగి ఉందో చూడండి. కొంతమంది ఫోన్లలో ఎప్పుడూ ఉత్తరం పైకే ఉంటుంది. చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చేటప్పుడు మీరు ఈశాన్యం వైపు వస్తారు, అప్పుడు పెద్దగా తేడా తెలియదు. తిరిగి చిత్తూరు పోయేటప్పుడు నైరుతి వైపు పోతారు. అప్పుడు మ్యాప్ మీద మీ బాణం కిందికి దిగుతూ ఉంటుంది, కుడి ఎడమలు తారుమారవుతాయి. ‘వచ్చేటప్పుడు బాగానే చెప్పావు, పోయేటప్పుడే తప్పు చెప్తున్నావు’ అనే మాట చాలా ఇళ్ళలో ఇక్కడి నుంచే వస్తుంది. దారి మొదలుపెట్టాక మీరు పోయే దిక్కు పైకి ఉండేలా పెట్టుకోండి. దిక్సూచి గుర్తు నొక్కితే మారుతుంది. రెండోది, ముందు ఏముందో చూద్దామని మ్యాప్‌ను వేలితో జరిపితే అది అక్కడే ఆగిపోతుంది, బండితో పాటు కదలదు. చూశాక Re-centre నొక్కండి. ఇది మరిచిపోయి ఐదు నిమిషాల పాత బొమ్మ చూసి దారి చెప్పినవాళ్ళను నేను చాలామందిని చూశాను. మీరు చెప్పేటప్పుడు ఫోన్ గొంతు ఆపేయండి. రెండు గొంతులు రెండు సమయాల్లో చెప్తే ఆయన ఏది వినాలి?

మీ ఆయనకూ ఒక పని ఉంది. ఈ ఉత్తరం ఆయనకు చూపించండి. మీరు ‘ఎడమ, బంకు దాటాక’ అంటే ఆయన ‘ఎడమ’ అని తిరిగి అనాలి. ఒక్క మాటే. అది వినిపిస్తే మీరు రెండోసారి చెప్పనక్కర్లేదు, ఆయనకు విసుగూ ఉండదు. వినిపించకపోతే ఆయన వినలేదని మీకు తెలుస్తుంది, అప్పుడు ఇంకోసారి చెప్పొచ్చు. ‘కుడి’ అని తిరిగి వస్తే దిద్దడానికి ఇంకా పన్నెండు సెకండ్లు మిగిలి ఉంటాయి. ‘నువ్వు చెప్పలేదు’, ‘నేను చెప్పాను’ అనే తగవుకు చోటుండదు. ట్రాఫిక్ గట్టిగా ఉండి ఆయన పలకలేకపోతే తల ఊపినా చాలు.

ఈసారి ఆడపడుచు ఇంటికి పోయే ముందు చిత్తూరులో ఇంటి దగ్గరే, బండి స్టార్ట్ చేయకముందు ఇద్దరూ కూర్చుని మూడు చోట్లు చూడండి: హైవే వదిలే చోటు, ఫ్లైఓవర్ మొదలయ్యే చోటు, ఆఖరి సందు. మిగతా దారంతా మీరిద్దరూ కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు. ఆ మూడు చోట్లకు నిమిషం ముందు కబుర్లు ఆపి, మొదటి మాట చెప్పండి.